ఖీమాలో చర్బీ ఎంత?

ఖీమా కొనేటప్పుడు మనం "మెత్తగా కొట్టు భాయ్" అంటాం. "చర్బీ ఎంత వేశావ్?" అని మాత్రం అడగం. మా ధరణికోటలోనైనా, పక్కనే ఉన్న అమరావతిలోనైనా, గుంటూరులోనైనా ఇదే తీరు. రాన్ ముక్క, సీనా ముక్క అయితే కళ్లతో చూసి ఎంచుకుంటాం. అదే గోష్త్ మెషీన్‌లో పడి బయటికొచ్చాక ఎరుపు, తెలుపు కలిసిపోతాయి. ఖస్సాబ్ ఏమిచ్చినా దాని పేరు ఖీమాయే. ఖీమాకు కిలో ధర ఒక్కటే చెప్పి అమ్మడం ఇన్సాఫ్ కాదని, చర్బీ ఎంతో కూడా చెప్పి అమ్మాలని నా వాదన.

హిసాబ్ వేసి చూద్దాం. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి మేక మాంసంలో 109 కేలరీలు, 20.6 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. 100 గ్రాముల గొర్రె చర్బీలో సుమారు 665 కేలరీలు ఉంటే, ప్రొటీన్ ఆరున్నర గ్రాములే. చర్బీ ముక్క మొత్తం కొవ్వు కాదు, అందులో నీరూ పొరలూ కూడా ఉంటాయి. అయినా గ్రాము కొవ్వుకు 9 కేలరీలు, గ్రాము ప్రొటీన్‌కు 4 కేలరీలు కాబట్టి ఇంత ఫరక్ వస్తుంది.

ఇప్పుడు 800 గ్రాముల గోష్త్‌లో 200 గ్రాముల చర్బీ కలిపి కిలో ఖీమా చేశారనుకోండి. గోష్త్ నుంచి 872 కేలరీలు, చర్బీ నుంచి 1,330 కేలరీలు వస్తాయి. మొత్తం 2,202. అంటే 100 గ్రాములకు 220 కేలరీలు, ప్రొటీన్ 17.8 గ్రాములు. ప్రొటీన్ మూడు గ్రాములే తగ్గింది, కేలరీలు మాత్రం రెట్టింపయ్యాయి. తరాజులో ఐదో వంతే ఉన్న చర్బీ, కేలరీల్లో సగానికి పైగా తనే ఆక్రమించింది.

ఇంట్లో పెద్దవాళ్లకు "తాఖత్ రావాలి" అని ఖీమా పెడతాం. 50 కిలోల మనిషికి రోజుకు కావలసిన ప్రొటీన్, కిలోకు 0.83 గ్రాముల లెక్కన, దాదాపు 42 గ్రాములు. అందులో సగం ఖీమా నుంచే రావాలంటే చర్బీ లేనిది 100 గ్రాములు చాలు. పై మిశ్రమమైతే దాదాపు 116 గ్రాములు తినాలి, 255 కేలరీలు లోపలికి పోతాయి. బక్కచిక్కిన మనిషికి ఆ కేలరీలు ఫాయిదాయే కావచ్చు. షుగర్ ఉండి బరువు తగ్గమని డాక్టర్ చెప్పిన మనిషికి అదే నుక్సాన్. ఇద్దరికీ ఒకే ఖీమా ఎలా సరిపోతుంది?

"వండితే చర్బీ కరిగిపోతుంది కదా" అంటారు కొందరు. కరుగుతుంది, కానీ ఎక్కడికి పోతుంది? గిన్నెలో పైకి తేలిన తరిలోనే ఉంటుంది, ఆ తరిని మనం రోటీతో అద్దుకుని తింటాం. తరి తీసి పారేస్తేనే కేలరీలు తగ్గుతాయి. వండిన ఖీమాను తూచి, పచ్చి ఖీమా లెక్కతో పోల్చడం ఇంకో పొరపాటు. నీరు ఇగిరిపోయి బరువు తగ్గుతుంది కనుక, వండిన 100 గ్రాముల్లో ప్రొటీన్ ఎక్కువ కనిపిస్తుంది. కొత్తగా పుట్టిన ప్రొటీన్ ఏమీ కాదది.

రంగు చూసి చర్బీని పట్టుకోలేం. సన్నగా ఆడిస్తే కొవ్వు గోష్త్‌కు పూసుకుపోయి అంతా గులాబీ రంగులో కనిపిస్తుంది. ఇంట్లో పరీక్ష సులువు. 100 గ్రాముల ఖీమాను గ్లాసు నీళ్లలో ఇరవై నిమిషాలు ఉడికించి వడగట్టండి. ఆ నీటిని రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లారేసరికి చర్బీ పైన తెల్లగా గడ్డకడుతుంది. దాన్ని తీసి తూచండి. కొంత కొవ్వు ఖీమాలోనే ఉండిపోతుంది కాబట్టి, మీకు దొరికిన అంకె కన్నా అసలు చర్బీ ఎక్కువే ఉంటుంది.

అంతకన్నా మేలైన దారి, ముందు ముక్క ఎంచుకుని, పై చర్బీ తీయించి, మీ కళ్ల ముందే ఖీమా ఆడించుకోవడం.

చర్బీకి నేను దుష్మన్‌ను కాను. సీఖ్ కబాబ్‌కు అది లేకపోతే మాంసం ఎండిపోతుంది, మజా ఉండదు. ఐదో వంతు చర్బీ కబాబ్‌కు కావచ్చు, రోజువారీ సాలన్‌కు ఎందుకు? పైగా ఖీమాలో చర్బీ ఉన్నప్పుడు కడాయిలో నూనె తగ్గించాలి. ఒక పెద్ద చెంచా నూనె అంటేనే 120 కేలరీల పైమాట.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు బీఫ్ ఖీమా ప్యాకెట్ మీద 80/20, 90/10 అన్న అంకెలు చూసి కొంటారు. అక్కడ 30 శాతం మించి కొవ్వు ఉంటే దాన్ని ఆ పేరుతో అమ్మకూడదని ఖానూన్ ఉంది. మన ఖస్సాబ్ భాయిలకు ప్యాకెట్లూ లేబుళ్లూ అక్కర్లేదు. ఒక పలక మీద సాదా ఖీమా, పదో వంతు చర్బీ ఖీమా, కబాబ్ ఖీమా అని రాసి, మూడింటికి మూడు ధరలు పెడితే చాలు. చర్బీని గోష్త్ ధరకు కొంటున్నామా లేదా అన్నది అప్పుడు గిరాకీ చేతిలో ఉంటుంది.