ఐదు బటన్ల మెయిల్ ఎవరి కోసం?

మాడుగుల హల్వా మీద చక్కటి వ్యాసం ఒకటి మెయిల్లో వచ్చింది. రాసిన మనిషికి విషయం తెలుసు. గోధుమలు మూడు రోజులు నానాలి, రుబ్బి పాలు పిండాలి, ఆ పాలు పులియాలి, ఆపైన కట్టెల పొయ్యి మీద నెయ్యి వేస్తూ చేయి ఆపకుండా కలపాలి. ఇదంతా అందులో ఉంది. కానీ ఆ వ్యాసాన్ని మెయిల్‌గా మార్చినవాళ్లు దాని గొంతు నులిమేశారు. సబ్జెక్ట్ లైన్ ‘న్యూస్‌లెటర్, దసరా సంచిక’. దాని కింద కనిపించేది ‘ఈ మెయిల్ సరిగా కనిపించకపోతే ఇక్కడ నొక్కండి’. లోపల కొనండి, చదవండి, షేర్ చేయండి, ఫాలో అవండి, రివ్యూ రాయండి అంటూ ఐదు బటన్లు. హైదరాబాద్‌లో కూర్చుని పండక్కి ఒక డబ్బా తెప్పించుకుందామనుకునే చోడవరం మనిషి వీటిలో ఏది నొక్కాలి?

వ్యాసాన్ని కాపీ కొట్టి మెయిల్లో అతికిస్తే అది మెయిల్‌గా మార్చినట్టు కాదు. చదివేవాడు ఏం చేయాలో ముందు తేల్చుకోవాలి. ఆ తేల్చుకునే బాధ్యతని ఎగ్గొట్టి, ఐదు బటన్లు పెట్టి పాఠకుడి నెత్తిన రుద్దడం నాకు మహా కోపం తెప్పిస్తుంది. ఇక్కడ జవాబు వ్యాసంలోనే ఉంది. నానడానికే మూడు రోజులు పడుతుంది కాబట్టి పండగ ఆర్డర్ ముందే చెప్పాలి. మెయిల్ మొత్తం ఈ ఒక్క కారణం చుట్టూ తిరగాలి.

సబ్జెక్ట్ లైన్ ఫోన్‌లో ఇంచుమించు 30, 40 అక్షరాల దగ్గర తెగిపోతుంది. పంపినవారి పేరులో ‘మాడుగుల హల్వా’ అని ఉంటే మళ్లీ సబ్జెక్ట్‌లో ఎందుకు రాయడం? ‘దసరా హల్వాకి గోధుమలు నానబోస్తున్నాం’ అనండి. దుకాణంలో జరుగుతున్న పని కళ్లకు కడుతుంది. ప్రివ్యూ టెక్స్ట్ ఆ మాటనే తిరగరాయకుండా దాని తరవాతి మాట చెప్పాలి. మనం ఇవ్వకపోతే మెయిల్ యాప్ లోపల మొదట దొరికిన వాక్యాన్ని లాక్కుంటుంది. ‘ఇక్కడ నొక్కండి’ అన్న దరిద్రం అలాగే వచ్చింది. `<body>` మొదలవగానే ఈ ఒక్క ముక్క ఉంటే చాలు:

```html
<div style="display:none;max-height:0;overflow:hidden">
నానడానికే మూడు రోజులు. శుక్రవారంలోపు చెప్పండి.
</div>
```

ఇక మెయిల్ లోపలి భాగం. ఊరి చరిత్ర మీద వ్యాసంలో మూడు పేరాలున్నాయి. వందేళ్లు దాటిన మిఠాయి అని ఒక్క వాక్యం ఉంచి మిగతావి తీసేయండి. ఆరోగ్యానికి మంచిదన్న పేరా మొత్తం కొట్టేయండి, దానికి ఆధారం ఎవరూ చూపలేదు. మిగిలినదాన్ని మూడు సెక్షన్లు చేయండి. ‘మూడు రోజులు ఎందుకు’ అన్న శీర్షిక కింద నానబెట్టడం, పాలు తీయడం. ‘పొయ్యి దగ్గర’ అన్నదాని కింద కలపడం, నెయ్యి పైకి తేలి ముద్ద గిన్నె అంచులు వదిలేదాకా ఆగడం. ఈ సెక్షన్‌కి కాస్త ఎక్కువ చోటివ్వండి, చదివేవాడి నోరూరేది ఇక్కడే. మూడోది ‘మీకు ఎప్పుడు అందుతుంది’. అక్కడ రెండు వాక్యాలు చాలు, దాని కిందే బటన్.

ఆ బటన్ మీద ‘మరిన్ని వివరాలు’ అని రాయకండి. ‘దసరా డబ్బా ఆర్డర్ చేయండి’ అనాలి. దాన్ని బొమ్మగా చేయకండి, రంగు వేసిన అక్షరాల లింక్‌గానే ఉంచండి. బొమ్మలు ఆపుకున్న వాళ్లకి బొమ్మ బటన్ ఖాళీ గడిగా మిగులుతుంది. ఇకపై మెయిల్ వద్దనుకునేవారి లింక్ అడుగున ఉండి తీరాలి, అది పోటీ బటన్ కాదు.

మన దగ్గర ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ప్రెస్సులో అను ఫాంటులో కొట్టిన వ్యాసాన్ని అలాగే అతికిస్తే పాఠకుడికి తెలుగు కనపడదు, పిచ్చి గుర్తులు కనపడతాయి. ఆ అక్షరాలు యూనికోడ్ కావు, ఆ ఫాంటు లేని ఫోన్ వాటిని చదవలేదు. దీనికి విరుగుడుగా పేజీ మొత్తాన్ని ఫొటో తీసి పంపేవాళ్లున్నారు, అది ఇంకా ఘోరం. ఆ మెయిల్‌ని వెతికినా దొరకదు, చూపు లేనివారి ఫోన్ దాన్ని చదివి వినిపించలేదు. యూనికోడ్‌లోకి మార్చి, వత్తులు, పొల్లులు ఒకసారి కంటితో సరిచూసుకోవాలి. వర్డ్ నుంచి నేరుగా అతికించినా కంటికి కనపడని కోడ్ బోలెడు వెంట వస్తుంది. మెయిల్ కోడ్ 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతాది కత్తిరించి దాచేస్తుంది. బటన్ అడుగున ఉంటే తెగిపోయేది అదే.

పంపేముందు మీకే ఒకటి పంపుకుని ఫోన్‌లో చూడండి. తెరవకముందు జాబితాలో ఎలా ఉందో చూడండి, తెరిచాక బొమ్మలు ఆపి చూడండి. పంపాక ‘ఇంతమంది తెరిచారు’ అన్న అంకె చూసి మురిసిపోకండి. 2021 నుంచి ఆపిల్ మెయిల్‌లో ప్రైవసీ రక్షణ పెట్టుకున్నవాళ్ల బొమ్మలు మనిషి తెరవకుండానే లోడవుతాయి, అదీ తెరిచినట్టే లెక్కకొస్తుంది. ఆ బటన్ ఎంతమంది నొక్కారు, వాళ్లలో ఎంతమంది శుక్రవారంలోపు డబ్బా చెప్పారు అన్నదే చూడండి. నొక్కి కూడా ఆర్డర్ ఇవ్వకుండా వెనక్కి వెళ్లిపోతే మెయిల్‌ని తిట్టకండి, ధర, పార్సిల్ ఖర్చు రాసిన పేజీని సరిచేయండి.