అకామా రద్దయ్యేదాకా ఆగాలా?

కువైట్ నగరంలోని మిర్కాబ్‌లో ఆఫీసు ఉద్యోగి అద్దె ఒప్పందం రాసుకునేటప్పుడు అద్దె ఎంత, డిపాజిట్ ఎంత అని చూసుకుంటాడు. ఉద్యోగం పోతే ఏమిటన్న సంగతి ఒక్క వాక్యంలో తేల్చేస్తారు: ‘రుజువు చూపిస్తే మధ్యలో ఖాళీ చేయవచ్చు.’ ఏ రుజువో మాత్రం రాయరు.

చిక్కంతా అక్కడే. కువైట్ 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం ప్రకారం, గడువు లేని కాంట్రాక్టుపై నెల జీతానికి పనిచేసే ఉద్యోగిని తీసేయాలంటే మూడు నెలల ముందు నోటీసివ్వాలి. నోటీసు ఇచ్చిన రోజే అకామా రద్దు కాదు. ఆ పని సాధారణంగా చివరిలో, మనిషి బయలుదేరే ముందు జరుగుతుంది.

ఒక లెక్క చూద్దాం. అద్దె నెలకు 300 దీనార్లు, ఒప్పందం డిసెంబరు దాకా, మధ్యలో వెళ్తే రెండు నెలల నోటీసు అనుకుందాం. మార్చి 1న కంపెనీ లేఖ వచ్చింది, చివరి పనిదినం మే 31. మార్చి నెలాఖరులోగా లేఖ నకలు జతచేసి యజమానికి నోటీసిస్తే, ఉద్యోగమూ ఇల్లూ మే 31నే ముగుస్తాయి. యజమాని ‘అకామా రద్దు కాగితం తెస్తేనే నోటీసు లెక్క’ అంటే ఆ గడువు మే నెలాఖరుకు గానీ మొదలు కాదు. మనిషి కడపకో రాయచోటికో చేరాక కూడా జూన్, జూలై అద్దె 600 దీనార్లు మీద పడుతుంది.

యజమాని అనుమానాన్నీ కొట్టిపారేయలేం. తక్కువ అద్దె ఇల్లు దొరికినవాడు ఉద్యోగం పోయిందని చెప్పవచ్చు. కొందరు కువైట్‌లోనే మరో కంపెనీకి అకామా మార్చుకుంటారు. తనంతట తాను రాజీనామా చేసినవాడికి ఈ వెసులుబాటు ఉందా లేదా అన్నది ఒప్పందంలోనే తేల్చుకోవాలి. బదిలీ అయితే కొత్త ఊరి పేరు, చేరాల్సిన తేదీ ఉన్న కంపెనీ ఉత్తరం అడగడం న్యాయమే.

అందుకే రుజువును రెండుగా విడదీయాలి. నోటీసు గడువు మొదలవడానికి కంపెనీ లేఖ చాలు. అకామా రద్దు లేదా బదిలీ కాగితాన్ని తాళాలు అప్పగించేటప్పుడు, డిపాజిట్ తిరిగిచ్చే ముందు చూపించాలి. సింగపూర్ అద్దె ఒప్పందాల్లో విదేశీ ఉద్యోగుల కోసం రాసే ‘డిప్లొమాటిక్ క్లాజ్’ ఇలాంటిదే. రెండేళ్ల ఒప్పందంలో సాధారణంగా ఏడాది గడిచాక, ఉద్యోగం పోయినట్టో బదిలీ అయినట్టో పత్రం చూపి, రెండు నెలల నోటీసుతో వెళ్లిపోవచ్చు.

లేఖ నకలులో జీతం అంకెను కొట్టేసి ఇచ్చినా యజమానికి నష్టం లేదు. అతనికి కావలసింది కంపెనీ పేరు, ఉద్యోగి పేరు, తేదీలు. పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకుంటానంటే మాత్రం ఒప్పుకోకూడదు. నోటీసును హారిస్ చేతిలో పెట్టి ఊరుకోవడం ఇంకో పొరపాటు. అద్దె వసూలు చేసేది అతనే అయినా, ఒప్పందంపై సంతకం యజమానిది. అందిన తేదీ వేసి, యజమానితోనో అతని ఆఫీసుతోనో రెండో ప్రతిపై సంతకం తీసుకోవాలి.