పాలు మనవి, బిల్లు వాళ్లది

ఏ కొట్టుకెళ్లినా అమ్మినవాడే బిల్లు రాస్తాడు. పాలకేంద్రం దగ్గర మాత్రం తిరకాసు. తూకం, ఫ్యాటు, రేటు, దాణా కోతలు అన్నీ కొనేవాడే వేసుకుని, పదిహేను రోజులకోసారి మన పేరున లెక్క తేల్చి డబ్బులేస్తాడు. దీన్నే సెల్ఫ్ బిల్లింగ్ అంటారు. పత్తి కొన్న జిన్నింగ్ మిల్లు మన బదులు ఇన్వాయిస్ రాసుకునేదీ ఇదే పద్ధతి.

పద్ధతే తప్పని నేననను. రెండు పూటలా వందమంది పాలు పోసేచోట తలా ఒక బిల్లు రాసివ్వడం అయ్యే పని కాదు. నా అభ్యంతరమల్లా, ఆ బిల్లుని సరిచూడ్డానికి మన దగ్గర రెండో లెక్క లేకపోవడం మీదే.

ఒక లెక్క చూడండి. రోజుకి 10 లీటర్ల గేదె పాలు, ఫ్యాటు 7 శాతం, కిలో ఫ్యాటుకి 700 రూపాయలు అనుకుందాం. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. అంటే 10.3 కిలోల పాలలో 721 గ్రాముల ఫ్యాటు. రావాల్సింది 504 రూపాయల 70 పైసలు. అదే లీటర్లని కిలోలుగా పట్టేస్తే ఫ్యాటు 700 గ్రాములే, చేతికొచ్చేది 490. పదిహేను రోజులకి 220 రూపాయల 50 పైసలు పోయినట్టు. స్లిప్పు మీద లీటర్లూ సరిగ్గానే ఉంటాయి, ఫ్యాటూ రేటూ సరిగ్గానే ఉంటాయి. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

కాటా మీద కొలిచిన 10 లీటర్ల నీళ్లు పెట్టి చూడండి. 10 చూపిస్తే అది కిలోల్లో చూపిస్తోంది. 9.7 చూపిస్తే పాల లీటర్లలోకి మార్చి చూపిస్తోంది. అప్పుడు బిల్లులో మళ్లీ 1.03తో హెచ్చవేశారా లేదా అని అడగాలి. ఫ్యాటు మీద అనుమానముంటే ఒకే క్యాను పాలు బాగా కలిపి, రెండు గిన్నెల్లో పట్టి, ఇద్దరి నంబర్ల మీద పోయించండి. రీడింగులు బాగా తేడా వస్తే మిషన్ సంగతో, శాంపిల్ తీసే పద్ధతి సంగతో తేల్చుకోవచ్చు.

ఇంకో ముప్పు డెయిరీకే. బయటినుంచి బిల్లు రానక్కర్లేదు కాబట్టి, పాలు పోయని నంబరు మీద కూడా లోపలివాళ్లు ఐదు లీటర్లు ఎక్కించుకోవచ్చు. ఆ ఐదు లీటర్లూ ఎక్కడో ఒకచోట తగ్గాలి కదా! ట్యాంకరు తూకంలో తరుగు పడుతుంది, లేదా మన క్యానుల్లోంచి కోత పడుతుంది. పూట అయ్యాక స్లిప్పుల మొత్తం, ట్యాంకరుకెక్కించిన మొత్తం పక్కపక్కనే బోర్డు మీద రాయమనండి. అలా రాయడానికి ఒప్పుకోని కేంద్రం మీద నాకు నమ్మకం లేదు.

కోతలు కూడా దాణాకెంత, అడ్వాన్సుకెంత అని విడివిడిగా చూపాలి. డబ్బు పడ్డాక కాకుండా, పడేముందే బిల్లు చేతికిచ్చి రెండు రోజులు అభ్యంతరాలకి గడువివ్వాలి.

మన వైపునుంచి ఒక నోటుబుక్కు చాలు. స్లిప్పు చూసి కాపీ చేస్తే అది వాళ్ల లెక్కే. ఇంటి దగ్గర క్యాను నింపేటప్పుడే కొలిచి, తేదీ, పూట వేసి రాయండి.