జూమ్ మోటార్ రొదని ఎడిటింగ్‌లో తీసేద్దాం అనుకుంటే మోసపోతాం

స్పెక్ షీట్‌లో జూమ్ ఎన్ని రెట్లో రాస్తారు. ఆ జూమ్ చేసే చప్పుడు ఎంతో మాత్రం ఎవరూ రాయరు. నాకు అది కొల్లేటికోటలో తెలిసింది.

తాతయ్యతో కలిసి పొద్దున్నే పడవ మీద వెళ్లాం. నా దగ్గరున్నది లెన్స్ ఊడని సూపర్‌జూమ్ కెమెరా, మైకు దాని ఒంట్లోనే ఉంది. 2006లో కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టేసిన రోజుల గురించి తాతయ్య మెల్లగా చెబుతున్నాడు. అదే సమయంలో దూరంగా గూడబాతులు కనిపించాయి. జూమ్ నొక్కాను. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే తాతయ్య మాటల మీద నాలుగు సెకన్లపాటు జుయ్‌మని మోటార్, మధ్యలో ఫోకస్ టిక్ టిక్‌లు. మళ్లీ అడిగితే మళ్లీ చెప్పాడు కానీ అలా చెప్పలేదు.

పడవలో నాకు వినపడని రొద ఫైల్లోకి ఎలా వచ్చింది? మొదటి కారణం దూరం. మోటార్ మైకుకి కొన్ని సెంటీమీటర్ల దూరంలో ఉంది, తాతయ్య రెండు మీటర్ల అవతల ఉన్నాడు. పైగా మోటార్ అదురు కెమెరా బాడీ గుండా నేరుగా మైకుని తాకుతుంది. రెండోది ఆటో గెయిన్. చుట్టూ నిశ్శబ్దంగా ఉంటే కెమెరా తనంతట తానే మైకు వాల్యూమ్ పెంచేస్తుంది. అందుకే జాతరలో తీసిన వీడియోలో వినపడని మోటార్, సరస్సు మధ్యలో గట్టిగా వినిపిస్తుంది.

ముందు ఆడియోని విడిగా తీశాను:

```
ffmpeg -i kolleru.mp4 -vn -c:a pcm_s16le kolleru.wav
```

దాన్ని Audacityలో తెరిచి, వేవ్‌ఫార్మ్ బదులు స్పెక్ట్రోగ్రామ్ వ్యూ పెట్టాను. ఇక్కడే రెండు చప్పుళ్లూ వేరని కంటికే తెలిసిపోతుంది. జూమ్ రొద అడ్డగీతల్లా సాగుతుంది. ఫోకస్ టిక్‌లు సన్నటి నిలువు గీతల్లా ఉంటాయి. ఈ రెండింటికీ ఒకే మందు పనిచేయదు.

జూమ్ రొదకి Noise Reduction వాడొచ్చు. దానికి మోటార్ ఒక్కటే వినిపించే చిన్న ముక్క కావాలి. నా అదృష్టం, తాతయ్య మాట ఆపాక జూమ్ వెనక్కి తెచ్చాను. ఆ ఒకటిన్నర సెకను సెలెక్ట్ చేసి Get Noise Profile నొక్కాను. తర్వాత క్లిప్ మొత్తానికి కాకుండా, రొద ఉన్న నాలుగు సెకన్లకే ఎఫెక్ట్ వేశాను. ముందు 20 dB పెట్టాను. మోటార్ పోయింది, కానీ తాతయ్య నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టుంది. రొదా, గొంతూ ఒకే ఫ్రీక్వెన్సీల్లో ఉన్నప్పుడు ఒకదాన్ని కోస్తే రెండోది కూడా తెగుతుంది. 8 dBకి తగ్గించాను. రొద పూర్తిగా పోలేదు, వెనక్కి జరిగింది. మాట మాత్రం మాటలా ఉంది.

ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది? అదే విండోలో Residue అని ఒక ఆప్షన్ ఉంది. దాన్ని పెట్టి ప్రివ్యూ వింటే, తీసేస్తున్న శబ్దం ఒక్కటే వినిపిస్తుంది. అందులో మనిషి మాట వినపడితే ఎక్కువ కోస్తున్నట్టే.

టిక్‌లకి ప్రొఫైల్ పనికిరాదు, ఎందుకంటే అవి నిలకడగా ఉండవు. మాటల మధ్య ఖాళీలో పడ్డ టిక్‌ని కోసేసి, అదే క్లిప్‌లోని నీటి అలికిడి అంతే పొడవు ముక్క తెచ్చి అతికించాను. సైలెన్స్ పెడితే అక్కడ గుంట పడినట్టు తెలిసిపోతుంది. మాట మీదే పడ్డ రెండు టిక్‌లని అలాగే వదిలేశాను.

నా అభిప్రాయం ఇది: ఎడిటింగ్ కేవలం ప్రథమ చికిత్స. అసలు పని షూటింగ్‌లోనే జరగాలి. ఫోకస్‌ని ఒకసారి పట్టి మాన్యువల్‌కి మార్చి లాక్ చేయండి. జూమ్‌ని మాటలు మొదలవకముందే సరిచూసుకోండి. ఇంకా మంచిది, జేబులోని ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి మాట్లాడే మనిషి దగ్గర పెట్టండి. మొదట్లో ఒక్క చప్పట్లు కొడితే, తర్వాత రెండు ఆడియోలనీ ఆ చప్పుడు దగ్గర కలపొచ్చు. చాలామంది హాట్ షూ మీద చిన్న మైకు కొంటారు. నిజమే, కొంత తగ్గుతుంది. కానీ అది కూర్చునేది అదే బాడీ మీద కాబట్టి అదురు అక్కడికీ పాకుతుంది.

కొనేముందు షాపులో ఒక పని చేయండి. వీలైనంత నిశ్శబ్దంగా ఉన్న మూలకి వెళ్లి, వీడియో ఆన్ చేసి, జూమ్ ఈ చివర నుంచి ఆ చివరికి నడిపి, హెడ్‌ఫోన్స్‌లో వినండి. రివ్యూ రాసే మేం కూడా శాంపిల్ ఫొటోలతో పాటు ఆ పది సెకన్ల క్లిప్ పెట్టాలి. నా తర్వాతి కెమెరా రివ్యూ నుంచి నేను పెడతాను.