మస్టర్ మూసిన తేదీ రాసి పెట్టుకోండి

జూన్ 14న, శనివారం పొద్దున్నే పిన్ని ఫోన్ చేసింది. మామూలుగా అయితే "తిన్నావా" అని మొదలుపెడుతుంది. ఆ రోజు నేరుగా విషయంలోకి వచ్చేసింది.

"ఒరే నాన్నా, మే నెలలో కాలువ పనికెళ్లిన డబ్బులు ఇంకా పడలేదురా. ఫీల్డ్ అసిస్టెంట్‌ని అడిగితే పైనుంచి రాలేదంటాడు. బ్యాంకులో అడిగితే మాకేం తెలీదంటారు. నువ్వేదో కంప్యూటర్లు చూస్తావు కదా, అది ఎక్కడుందో చూడు."

మా ఊరు ఉత్తరాంధ్రలో. పిన్నికి జాబ్ కార్డు వచ్చి పదిహేనేళ్లు దాటింది. ప్రతి ఎండాకాలం ఉపాధి పనికి వెళ్తుంది. నేను రోజూ ఆఫీసులో చేసేది కూడా దాదాపు ఇలాంటి పనే: ఒక రిక్వెస్ట్ బయల్దేరింది, జవాబు రాలేదు, ఏ మెట్టు దగ్గర ఆగిందో వెతకాలి. కాబట్టి పిన్ని జాబ్ కార్డు నంబరు తీసుకుని కూర్చున్నాను.

ముందు హాజరు సంగతి. పిన్ని పని చేసింది మే 5 సోమవారం నుంచి మే 10 శనివారం దాకా, ఆరు రోజులు. పని మొదలయ్యే ముందే ఆ వారానికి ఎవరెవరు రావాలో పేర్లతో ఒక మస్టర్ కంప్యూటర్ నుంచి వస్తుంది. అందులో పేరు లేకపోతే పార పట్టినా లెక్కలోకి రారు. పని దగ్గర మేట్ NMMS అనే యాప్‌లో హాజరు వేస్తాడు. రోజుకి రెండుసార్లు, పొద్దున ఒకటి, తర్వాత ఇంకొకటి, పని జరిగే చోటే ఫొటో తియ్యాలి. 2023 జనవరి 1 నుంచి, సొంత పొలంలో చేసుకునే లాంటి వ్యక్తిగత పనులు తప్ప, అన్నిటికీ ఇదే పద్ధతి. రెండో ఫొటో ఎక్కకపోతే ఆ రోజు మస్టర్ పోయినట్టే. సిగ్నల్ లేని కాలువ గట్టు మీద ఇది చిన్న విషయం కాదు. పిన్నికి మాత్రం ఆరుకి ఆరు పడ్డాయి.

తర్వాతది కొలత. మన తెలుగు రాష్ట్రాల్లో 2025-26కి ఉపాధి కూలి రోజుకి 307 రూపాయలు. చాలామంది వెళ్తే 307 వచ్చేస్తుందనుకుంటారు. కానీ అది నిర్ణయించిన పరిమాణం పూర్తిగా చేస్తే వచ్చే కూలి. మట్టి ఎంత తీశారో టెక్నికల్ అసిస్టెంట్ వచ్చి టేపుతో కొలిచి పుస్తకంలో ఎక్కిస్తాడు. పిన్ని గ్రూపులో పదిమంది. ఆరు రోజులకి అరవై పనిదినాలు. వాళ్లు తీసిన పూడిక విలువ 16,080 రూపాయలుగా తేలింది. అరవైతో భాగిస్తే రోజుకి 268. అంటే పిన్నికి రావాల్సింది 268 ఇంటూ ఆరు, 1,608 రూపాయలు.

ఇక్కడి నుంచి డబ్బు ప్రయాణం మొదలవుతుంది. హాజరు, కొలత రెండూ కంప్యూటర్‌లో ఎక్కాక వేతన జాబితా తయారవుతుంది. దాని మీద ఎఫ్‌టీఓ, అంటే ఫలానా ఖాతాలకి ఇంతింత జమ చేయమనే ఉత్తర్వు, పుడుతుంది. దానికి ఇద్దరు అధికారులు ఒకరి తర్వాత ఒకరు డిజిటల్ సంతకం పెట్టాలి. రెండో సంతకం పడగానే రాష్ట్రం వైపు పని అయిపోయింది. ఉత్తర్వు కేంద్రం చెల్లింపుల వ్యవస్థ పీఎఫ్ఎంఎస్‌కి వెళ్తుంది. అక్కడి నుంచి బ్యాంకుల మధ్య డబ్బు నడిపే ఎన్‌పీసీఐ ద్వారా కూలీ ఖాతాకి చేరుతుంది. కూలి సొమ్ము ఇచ్చేది కేంద్రమే కాబట్టి ఈ రెండో సగం మండలం చేతిలో గానీ రాష్ట్రం చేతిలో గానీ ఉండదు.

ఉపాధి హామీ వెబ్‌సైట్‌లో ఇవన్నీ ఎవరైనా చూడొచ్చు. లాగిన్ అక్కర్లేదు. పంచాయతీలోకి వెళ్లి, జాబ్ కార్డు నంబరు నొక్కితే చేసిన పనులు వస్తాయి. అందులో మస్టర్ నంబరు నొక్కితే ప్రతి పేరు ఎదురుగా హాజరు, మొత్తం కూలి, వేతన జాబితా నంబరు, Status, A/c Credited Date కనిపిస్తాయి. పిన్ని మస్టర్ తెరిచాను. కొలత మే 12. వేతన జాబితా మే 14. ఎఫ్‌టీఓ మీద మొదటి సంతకం మే 16, రెండోది మే 17. ఆ తర్వాత ఏమీ లేదు. జమ తేదీ ఖాళీ.

అంటే ఫీల్డ్ అసిస్టెంట్ చెప్పింది అబద్ధం కాదు. ఊళ్లో, మండలంలో అందరూ టైముకే చేశారు. మే 17 నుంచి ఆ ఉత్తర్వు పైన కూర్చుంది.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. ఇప్పుడు కూలి బ్యాంకు ఖాతా నంబరు చూసి కాదు, ఆధార్ చూసి పడుతుంది. 2024 జనవరి 1 నుంచి ఇది తప్పనిసరి. ఆధార్‌ని చివరగా ఏ బ్యాంకుకి అనుసంధానం చేశామో డబ్బు అక్కడికే పోతుంది. గ్యాస్ సబ్సిడీ కోసమో, డ్వాక్రా లోన్ కోసమో ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచి మర్చిపోయినవాళ్లు పాత పాస్‌బుక్ పట్టుకుని పడలేదంటూ తిరుగుతుంటారు. తేడా ఎలా తెలుస్తుంది? స్టేటస్ Credited అని ఉండి పాస్‌బుక్‌లో లేకపోతే డబ్బు వేరే ఖాతాలో ఉండొచ్చు. మై ఆధార్ సైట్‌లో Bank Seeding Status చూస్తే ఆ బ్యాంకు పేరు తెలుస్తుంది. స్టేటస్ Rejected అని ఉంటే అనుసంధానంలోనో ఖాతాలోనో తప్పుంది. అది సరిచేయించి మళ్లీ ఎఫ్‌టీఓ వేయించుకోవాలి. పిన్నిది ఈ రెండూ కాదు. బ్యాంకు సరైనదే. ఆమెది వట్టి ఆలస్యం.

"అయితే ఏం చేస్తాంరా, వచ్చినప్పుడే తీసుకుంటాం" అంది పిన్ని. కాదు పిన్నీ, దానికో లెక్క ఉంది అన్నాను.

చట్టం ప్రకారం కూలి వారం వారం ఇవ్వాలి. ఎంత ఆలస్యమైనా పదిహేను రోజులు దాటకూడదు. దాటితే పరిహారం ఇవ్వాలి. మస్టర్ మూసిన తర్వాత 16వ రోజు దాటాక, ఆలస్యమైన ప్రతి రోజుకీ రావాల్సిన కూలిలో 0.05 శాతం. ఎవరూ దరఖాస్తు పెట్టక్కర్లేదు, కంప్యూటరే లెక్కగట్టాలి. దాన్ని మండల స్థాయి ప్రోగ్రాం అధికారి, మన దగ్గర ఎంపీడీఓ, పరిశీలించి ఆమోదించాలి.

పిన్ని డబ్బులు చివరికి జూన్ 25న పడ్డాయి. ఇప్పుడు లెక్క చూడండి. మస్టర్ మూసింది మే 10. పదహారో రోజు మే 26. కాబట్టి మే 27 నుంచి జూన్ 25 దాకా ముప్ఫై రోజులు ఆలస్యం. 1,608లో 0.05 శాతం అంటే రోజుకి 80 పైసలు. ముప్ఫై రోజులకి 24 రూపాయల 12 పైసలు.

ఊరి భాషలో చెప్పాలంటే నెలకి నూటికి రూపాయిన్నర వడ్డీ. ఇది విని పిన్ని నవ్వింది. "నేను మే నెలాఖర్లో పదిహేను వందలు తెచ్చింది నూటికి మూడు రూపాయలకిరా." ఆమె నెలకి కట్టిన వడ్డీ 45 రూపాయలు. అంటే సర్కారు పూర్తి పరిహారం ఇచ్చినా, తన సొంత కూలి కోసం ఎదురుచూసినందుకు ఆమెకి 21 రూపాయలు నష్టమే.

ఆ 24 రూపాయలైనా వచ్చాయా? పరిహారం రిపోర్టు తెరిస్తే పిన్ని మస్టర్‌కి సున్నా ఉంది. మొదట నాకు బగ్ అనిపించింది. తర్వాత అర్థమైంది, అది రాసిన విధానమే అంత. పదిహేను రోజుల్ని రెండు ముక్కలు చేశారు. మస్టర్ మూసినప్పటి నుంచి ఎఫ్‌టీఓ మీద రెండో సంతకం దాకా రాష్ట్రానికి ఎనిమిది రోజులు. అక్కడి నుంచి ఖాతాలో పడేదాకా కేంద్రానికి ఏడు రోజులు. సిస్టమ్ ఆలస్యం కొలిచేది మొదటి ముక్కలోనే. పిన్ని ఉత్తర్వుకి ఏడో రోజునే రెండో సంతకం పడింది, కాబట్టి కంప్యూటర్ దృష్టిలో ఆలస్యం సున్నా. ఖాతాలో పడ్డ తేదీ అదే సైట్‌లో ఉంది, కానీ పరిహారం లెక్క దాన్ని చూడదు.

దీని మీద సుప్రీంకోర్టు 2018 మేలోనే స్వరాజ్ అభియాన్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆలస్యం రాష్ట్రం వల్లా, కేంద్రం వల్లా అన్నది ప్రభుత్వాల మధ్య విషయం. కూలీకి సంబంధించినంత వరకు డబ్బు ఖాతాలో పడేదాకా గడిచిన మొత్తం ఆలస్యానికీ పరిహారం హక్కే. అంటే సున్నా చూపిస్తున్నది స్క్రీన్, 24 రూపాయలు అంటున్నది చట్టం.

జులై మొదటి వారంలో ఊరెళ్లి పిన్నితో కలిసి మండల ఆఫీసుకి వెళ్లాను. ఒక పేజీ అర్జీ. మస్టర్ నంబరు, మూసిన తేదీ, ఎఫ్‌టీఓ రెండో సంతకం తేదీ, జమ తేదీ, ఆలస్యమైన రోజులు, రావాల్సిన మొత్తం. అంతే. కౌంటర్ దగ్గరాయన చూసి "ఇరవై నాలుగు రూపాయలకి ఇంత దూరం వచ్చారా" అన్నాడు. పిన్ని నెమ్మదిగా అంది: "నా ఒక్కదానికీ ఇరవై నాలుగు బాబూ. మా గ్రూపులో పదిమందిమి. ఊళ్లో ఎన్ని గ్రూపులున్నాయో మీకే తెలుసు." ఆయన ఇంకేం మాట్లాడలేదు. రసీదు అడిగితే ముందు వెనకాడి, తర్వాత ముద్ర వేసి ఇచ్చాడు.

ఆ రసీదే అసలు పని. అర్జీని రిజిస్టర్‌లో రాసి ఏడు రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. ఏడో రోజున మాకు వచ్చిన జవాబు ఇది: రెండో దశ ఆలస్యం మా పరిధిలో లేదు, పైకి పంపాం. పరిహారం ఇంకా రాలేదు. కానీ ఆలస్యం జరగలేదని మాత్రం ఎవరూ రాయలేదు. వచ్చే సామాజిక తనిఖీ ప్రజావేదికలో గ్రూపులో పదిమందీ ఇదే కాగితం పెట్టబోతున్నారు.

మీ ఇంట్లోనూ అమ్మో, అత్తో, తాతో ఈ పనికి వెళ్తూ ఉంటే ఈ వారం ఒకసారి వాళ్ల మస్టర్ తెరిచి మూడు తేదీలు రాసి పెట్టండి: మస్టర్ ఎప్పుడు మూశారు, రెండో సంతకం ఎప్పుడు పడింది, డబ్బు ఎప్పుడు జమ అయింది. మొదటి రెండిటి మధ్య ఎనిమిది రోజులు దాటితే మండలంలో అడగాలి. ఆగింది ఆ తర్వాత అయితే మండలంలో గొడవపడి లాభం లేదు, కానీ అర్జీ మాత్రం అక్కడే ఇచ్చి రసీదు తీసుకోవాలి.

పిన్ని ఇప్పుడు వంటింట్లో క్యాలెండర్ మీద ప్రతి శనివారం చుట్టూ సున్నా చుడుతోంది. పక్కన పదహారు లెక్కపెట్టి ఇంకో గుర్తు పెడుతోంది. మొన్న ఫోన్ చేసి, తిన్నావా అని కూడా అడక్కుండా, "నాన్నా, రేపటికి పదహారు రోజులురా" అంది.