రేపు రమ్మని తిప్పకండి

జూట్ మిల్లు జీతాల మీద ఎన్నో ఇళ్లు నడిచిన నెల్లిమర్లలో ఒక బట్టల కొట్టు అనుకుందాం. 25 రోజుల కిందట 2,800 రూపాయలకు చీర కొన్న పెద్దావిడ దాన్ని వెనక్కి తెచ్చింది. "పెళ్లి ఆగిపోనాది బాబూ, డబ్బులిచ్చీయండి" అంది. బిల్లు మీద మార్పిడి గడువు 7 రోజులు, లోపమున్న సరుకుకు గడువేమీ రాయలేదు. పైగా ఫాల్ కుట్టించారు, జాకెట్టు ముక్క కోసేశారు.

ఇలాంటప్పుడు చాలా కొట్లలో వినిపించే జవాబు "ఓనరు లేరమ్మా, రేపు రండి." జాలితోనే అంటారు. కానీ ఆవిడ ఆటో చార్జీ పెట్టుకుని, కూలి పోగొట్టుకుని మూడుసార్లు తిరిగాక చివరికి వినేది కాదనే మాటే. నాకిది నిర్దయగా అనిపిస్తుంది.

కాదనే ముందు చీర విప్పి చూడాలి. నేతలో చిరుగో మరో లోపమో ఉంటే ఇది జాలి విషయం కాదు, ఆవిడ హక్కు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపారం. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోం' అని బోర్డు కట్టినా ఆ హక్కు పోదు.

లోపం లేదని తేలితే అప్పుడు చెప్పాలి: "పెళ్లి ఆగిందంటే బాధగా ఉందమ్మా. ఈ చీరకు డబ్బులు తిరిగి ఇవ్వలేను. గడువు దాటింది, జాకెట్టు ముక్క కోసేశారు కాబట్టి కొత్త చీరగా మళ్లీ అమ్మలేను." బాధ ఒక్క వాక్యం చాలు. ఎక్కువైతే ఇస్తారేమోనన్న ఆశ పుడుతుంది. కారణం చీరదే కావాలి, ఆవిడది కాదు. "ముందే చూసుకోవద్దా" అన్నామంటే దెబ్బ మీద దెబ్బ కొట్టినట్టే.

"సగమైనా ఇవ్వండి బాబూ" అంటుంది. అసలు కష్టం ఇక్కడే. అదే జవాబు, అదే మెత్తని గొంతుతో మళ్లీ చెప్పాలి. కొత్త కారణం వెతికితే బేరం మొదలవుతుంది. సరుకు పేరుకుపోయిందంటే, తగ్గించి అమ్ముకోమంటుంది. పోనీ అని గుట్టుగా సగం ఇస్తే, కిందటి వారం ఇలాగే అడిగి ఉత్తచేతులతో వెళ్లినావిడకు అన్యాయం చేసినట్టే. ఇవ్వాలనుంటే బిల్లు మీద నిబంధనే అందరికీ మార్చాలి.

అందరికీ చేయగలిగిన సాయమైతే అక్కడికక్కడే స్పష్టంగా చెప్పొచ్చు: "జోడీ కుదిరే జాకెట్టు గుడ్డ ఊరికే ఇస్తాను. ఎవరికైనా బట్టలు పెట్టడానికి చీర పనికొస్తుంది."

అయినా ఆవిడ కోపంగానే వెళ్లొచ్చు. బిల్లు వెనక తేదీ వేసి, ఎందుకివ్వలేదో రాసి సంతకం చేసి ఇవ్వండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చని కూడా మీరే చెప్పండి.