ఇఖామా ఖైరాత్ కాదు, కఫీల్ జిమ్మేదారీ

జహీరాబాద్ నుంచి సౌదీ వెళ్లిన వాళ్ల ఇళ్లలో ఒక మాట తరచూ వినిపిస్తుంది: "కఫీల్ ఒక్క చిట్టీ రాసిస్తే ఇఖామా పెరుగుతుంది, దువా చేయండి." దువా చేద్దాం. కానీ ఆ చిట్టీ కోసం చేతులు కట్టుకుని నిలబడటం మాత్రం నాకు మంజూర్ కాదు.

మొదటి సంగతి, చిట్టీతో ఇఖామా పెరగదు. కంపెనీ ఫీజు కట్టి, ముఖీమ్ లేదా అబ్షర్ బిజినెస్‌లో రెన్యూ చేస్తేనే పెరుగుతుంది. 'రెన్యువల్ నడుస్తోంది' అని లెటర్‌హెడ్ మీద మొహర్ వేసి ఇస్తే తసల్లీ దొరుకుతుంది, అంతే. దారిలో పోలీసు ఆపితే చూసేది సిస్టమ్‌లో ఉన్న తేదీని, మన జేబులోని కాగితాన్ని కాదు.

రెండో సంగతి, ఆ ఖర్చు ఎవరిది? సౌదీ లేబర్ లా 40వ అధికరణం సాఫ్‌గా చెబుతోంది: ఇఖామా, వర్క్ పర్మిట్ ఫీజులు, వాటి రెన్యువల్, ఆలస్యమైతే పడే జుర్మానా అన్నీ యజమానివే. ఇఖామాకు ఏడాదికి 650 రియాల్. వర్క్ పర్మిట్‌కు చాలా కంపెనీలు మనిషికి నెలకు 700 నుంచి 800 రియాల్ దాకా కట్టాలి. "కల్, పర్సోఁ" అని తిప్పడానికి అసలు వజహ్ ఈ పైసలే. మనవాళ్లేమో "కఫీల్ నారాజ్ అవుతాడు" అని జీతంలోంచి కోత పెట్టినా ఖామోష్‌గా ఉంటారు. ఇది సబర్ కాదు భాయ్, మన హక్కును మనమే వదులుకోవడం.

మరి ఏం చేయాలి? రియాద్‌లో పనిచేసే ఒక ప్లంబర్ ఇఖామా రజబ్ 10న ముగుస్తుందనుకుందాం. హిజ్రీ సాల్ దాదాపు 11 రోజులు చిన్నది, కాబట్టి ఇంగ్లీషు క్యాలెండర్ ప్రకారం పోయిన ఏడాది తేదీనే నమ్ముకుంటే మోసపోతాడు. అబ్షర్‌లో తేదీ చూసుకుని, రెండు నెలల ముందే కంపెనీకి ఈమెయిల్ లేదా వాట్సాప్‌లో రాయాలి: "నా ఇఖామా నంబర్ ఇది, ముగిసే తేదీ ఇది, కివాలో నా కాంట్రాక్ట్ ఫలానా తేదీ దాకా ఉంది, ఆలోపు రెన్యూ చేయండి." జవాబు రాకపోతే వారం తర్వాత మళ్లీ రాయాలి. నోటిమాటకు గవాహ్ ఉండడు, రాతకు తేదీయే గవాహ్.

అయినా గడువు దాటితే మొదటిసారి జుర్మానా 500 రియాల్, రెండోసారి 1000, మూడోసారి దేశం నుంచి పంపించేస్తారు. అయితే 2021 మార్చి 14 నుంచి అమల్లో ఉన్న సంస్కరణతో, ఇఖామా ముగిసిపోయిన కార్మికుడు పాత కఫీల్ ఇజాజత్ లేకుండానే కివా ద్వారా కొత్త కంపెనీకి మారవచ్చు. ఆ దరవాజా ఉందని తెలిసినవాడు కఫీల్ ముందు గిడగిడలాడడు.

ఇళ్లలో పనిచేసే డ్రైవర్లకు, ఖాదిమాలకు ఈ లేబర్ లా వర్తించదు, వాళ్ల నియమాలు వేరు. ఇక 'ఆజాద్ వీజా' తీసుకుని ఏటేటా కఫీల్‌కే పైసలు కట్టేవాళ్ల సంగతి: కాగితం మీద ఉన్న కఫీల్ ఒకడు, పని ఇచ్చేవాడు ఇంకొకడు. రేపు 40వ అధికరణం ఎవరికి చూపిస్తారు?

అమ్మీ, అబ్బా, వీజాకు రకమ్ జమ చేసే ముందే ఏజెంటును ఈ సవాల్ అడగండి: నా కొడుకు ఇఖామా ఎవరు రెన్యూ చేస్తారు, ఎవరి ఖర్చుతో? జవాబు కాంట్రాక్ట్‌లో రాసి ఇవ్వనివాడికి పాస్‌పోర్ట్ ఇవ్వకండి.